పర్సెంట్ ఎర్రరా, పర్సెంట్ డిఫరెన్సా? డిస్కషన్‌లో ఏది రాయాలి

ల్యాబ్ రిపోర్టులు దిద్దేటప్పుడు నాకు పదే పదే ఎదురయ్యే వాక్యం ఒకటుంది: "g విలువకు పర్సెంట్ డిఫరెన్స్ 2.3 శాతం వచ్చింది, ఇది హ్యూమన్ ఎర్రర్ వల్ల కావచ్చు." ఈ ఒక్క వాక్యంలో రెండు తప్పులున్నాయి. రాసిన విద్యార్థి లెక్కించింది పర్సెంట్ ఎర్రర్, పెట్టిన పేరు పర్సెంట్ డిఫరెన్స్. ఇక హ్యూమన్ ఎర్రర్ అనే మాటతో చెప్పాల్సింది చెప్పకుండానే తప్పించుకున్నాడు. మొదటి తప్పుకు అరమార్కు పోతుందేమో గానీ, రెండో తప్పుతో డిస్కషన్ సెక్షన్ మొత్తం ఖాళీ అయిపోతుంది. ఈ రెంటికీ సంబంధం ఉంది. ఏ శాతం లెక్కించాలో ఎందుకు లెక్కించాలో తెలిసినవాళ్లు ఆ సంఖ్య దగ్గర ఆగిపోరు.

లఘులోలకంతో g కనుక్కునే ప్రయోగం దాదాపు అందరూ చేసిందే కాబట్టి, దాన్నే మొదటి నుంచి చివరి దాకా పట్టుకుని వెళ్దాం. మధ్యలో ఒక స్ప్రింగ్ వస్తుంది, ఎందుకో అక్కడికి వెళ్లాక తెలుస్తుంది.

మొదటి అడుగు: హారంలో ఏముందో చూడండి

రెండు సూత్రాల్లోనూ లవంలో ఉండేది రెండు విలువల మధ్య తేడానే. అసలు భేదమంతా హారంలో ఉంది.

```
పర్సెంట్ ఎర్రర్ = (కొలిచిన విలువ − ప్రామాణిక విలువ) / |ప్రామాణిక విలువ| × 100

పర్సెంట్ డిఫరెన్స్ = |A − B| / ((A + B) / 2) × 100
```

పర్సెంట్ ఎర్రర్‌లో ఒక విలువకు పెద్దరికం ఇస్తున్నాం. ప్రామాణిక విలువ సరైనదని ముందే ఒప్పుకుని, మన కొలత దానికి ఎంత దూరంలో ఉందో అడుగుతున్నాం. పర్సెంట్ డిఫరెన్స్‌లో ఎవరికీ పెద్దరికం లేదు. A, B రెండూ సమానమే, అందుకే హారంలో వాటి సగటు ఉంటుంది. A, B లను తారుమారు చేసినా జవాబు మారదు.

సగటుతోనే ఎందుకు భాగించాలి, రెంటిలో ఏదో ఒకదాంతో భాగిస్తే పోలేదా అని కొందరు అడుగుతారు. తేడా చిన్నదైతే నిజంగానే పెద్దగా ఏమీ పోదు. కానీ ఒక పద్ధతిలో 40, ఇంకో పద్ధతిలో 60 వచ్చాయనుకోండి. 40 తో భాగిస్తే 50 శాతం, 60 తో భాగిస్తే 33 శాతం. ఒకే జత కొలతలకు రెండు జవాబులు! సగటు 50 తో భాగిస్తే 40 శాతం వస్తుంది, అది ఎవరు లెక్కించినా అంతే.

చాలా పుస్తకాల్లో పర్సెంట్ ఎర్రర్‌కు కూడా పరమ విలువ గుర్తు పెట్టి, జవాబు ఎప్పుడూ ధనాత్మకంగా వచ్చేలా ఇస్తారు. మీ మాన్యువల్ అలా అడిగితే ఫలితాల పట్టికలో అలాగే రాయండి. డిస్కషన్‌కు మాత్రం ప్లస్ లేదా మైనస్ గుర్తు కావాలి, దాన్ని పారేయకండి. కొలత తక్కువ వచ్చిందా ఎక్కువ వచ్చిందా అన్నదే కారణం వెతకడానికి మనకు దొరికే మొదటి ఆధారం.

రెండో అడుగు: ఒకే ఒక్క ప్రశ్న

ఏది వాడాలో తేల్చే ప్రశ్న ఇది: నా ప్రయోగంతో సంబంధం లేకుండా, నా కొలత కంటే బాగా కచ్చితంగా తెలిసిన విలువ ఒకటి ఉందా? ఉంటే పర్సెంట్ ఎర్రర్. లేకపోతే, నా దగ్గరున్న రెండు విలువలూ నేనో నాలాంటివాళ్లో కొలిచినవే అయితే, పర్సెంట్ డిఫరెన్స్.

ఈ ప్రశ్నలో "నా కొలత కంటే బాగా కచ్చితంగా" అన్న ముక్కను తేలిగ్గా తీసుకోకండి. పక్క బెంచీ వాళ్లకు వచ్చిన విలువ ప్రామాణిక విలువ కాదు, వాళ్లు క్లాసులో ఎంత బాగా చదివేవాళ్లయినా సరే. రెసిస్టర్ మీద ఉన్న రంగుల పట్టీలు చెప్పే విలువ కూడా కాదు. బంగారు పట్టీ ఉన్న 1000 ఓమ్‌ల రెసిస్టర్ 950 నుంచి 1050 వరకు ఎక్కడైనా ఉండొచ్చని తయారు చేసినవాళ్లే చెబుతున్నారు. మంచి మల్టీమీటర్‌తో 985 వస్తే, "ఎర్రర్ మైనస్ 1.5 శాతం" అని రాయడం మీటరు తప్పు చూపిందని చెప్పడమే అవుతుంది. అక్కడ నిజానికి మీటరే ఎక్కువ నమ్మదగింది. "చెప్పిన 5 శాతం టాలరెన్స్ లోపలే ఉంది" అంటే సరిపోతుంది.

g విషయంలో ప్రామాణిక విలువ ఉంది, కానీ అక్కడా చిన్న మెలిక ఉంది. పుస్తకాల్లో కనిపించే 9.80665 అనేది 1901 లో ఒప్పందంగా స్థిరపరిచిన సంఖ్య. అసలు g సముద్ర మట్టం దగ్గర భూమధ్యరేఖ వద్ద 9.780, ధ్రువాల వద్ద 9.832 ఉంటుంది. అంటే సుమారు అర శాతం తేడా. మీ కొలత రెండు మూడు శాతం దూరంలో ఉంటే దీన్ని పట్టించుకోనక్కర్లేదు. 0.3 శాతం ఎర్రర్ వచ్చిందని మురిసిపోయే పరిస్థితిలో ఉంటే మాత్రం, మీరున్న చోటి విలువతోనే పోల్చాలి. మన లెక్కకు స్థానిక విలువ 9.81 అనుకుందాం.

మూడో అడుగు: లోలకంతో లెక్క

దారం కట్టిన చోటు నుంచి గుండు పైభాగం వరకు స్కేలుతో కొలిస్తే 0.800 మీటర్లు వచ్చింది. 20 డోలనాలకు మూడుసార్లు టైమ్ తీస్తే 36.3, 36.2, 36.4 సెకన్లు వచ్చాయి. సగటు 36.3, అంటే ఒక డోలనానికి 1.815 సెకన్లు.

```
g = 4π²L / T² = 39.478 × 0.800 / (1.815)² = 9.59 మీ/సె²

పర్సెంట్ ఎర్రర్ = (9.59 − 9.81) / 9.81 × 100 = −2.2 %
```

అంకెలను మధ్యలో సరిచేయకుండా 9.587 తో చేస్తే మైనస్ 2.3 వస్తుంది. చివరి వరకు అంకెలన్నీ ఉంచుకుని జవాబు దగ్గర మాత్రమే సరిచేయండి, కాబట్టి మన విలువ మైనస్ 2.3. క్యాలిక్యులేటర్ 2.27 తర్వాత ఇంకా ఏవేవో అంకెలు చూపిస్తుంది. వాటిని రిపోర్టులోకి తెచ్చి పెట్టకండి. ఇలాంటి ప్రయోగంలో శాతానికి రెండు అంకెలు చాలు.

స్ప్రెడ్‌షీట్‌లో చేసేవాళ్లకు, కొలిచిన విలువ B2 లో, ప్రామాణిక విలువ B3 లో ఉంటే:

```
=(B2-B3)/ABS(B3)*100
```

నాలుగో అడుగు: ఆ శాతం పెద్దదా చిన్నదా?

చాలామంది ఇక్కడే జారిపోతారు. "2.3 శాతమే కాబట్టి ప్రయోగం విజయవంతమైంది" అని రాసేస్తారు. 5 శాతం లోపు ఉంటే మంచిదని ఎవరో ఎప్పుడో చెప్పిన మాట తరం నుంచి తరానికి వస్తోంది. దానికి ఏ ఆధారమూ లేదు. పెద్దదా చిన్నదా అనేది మీ కొలతల అనిశ్చితితో పోల్చి చూస్తేనే తెలుస్తుంది.

మన లోలకంలో టైమ్ రీడింగులు 0.1 సెకను అటూ ఇటూ ఊగాయి. 36.3 లో 0.1 అంటే 0.28 శాతం. సూత్రంలో T కి వర్గం ఉంది కాబట్టి g లో అది రెట్టింపై 0.55 శాతం అవుతుంది. స్కేలు మీద 1 మిల్లీమీటరు అంటే 800 లో 1, సుమారు 0.13 శాతం. ఈ రెండిటినీ వర్గాలు చేసి కూడి వర్గమూలం తీస్తే దాదాపు 0.6 శాతం. అంటే మన జవాబు 9.59 ± 0.05 అన్నమాట.

ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. మన చేతులూ కళ్లూ చేయగల తడబాటు 0.6 శాతం. ప్రామాణిక విలువకు దూరం 2.3 శాతం, దాదాపు నాలుగు రెట్లు. స్టాప్‌వాచ్ నొక్కడంలో ఆలస్యం ఇంత తేడా తేలేదు. ఇంకేదో కొలతను ఒకే వైపుకు లాగుతోంది. "హ్యూమన్ ఎర్రర్" అని రాసి వదిలేస్తే సరిగ్గా ఈ విషయమే దాగిపోతుంది.

గుర్తు మైనస్. g తక్కువ వచ్చిందంటే, L తక్కువగా కొలిచి ఉండాలి లేదా T ఎక్కువగా వచ్చి ఉండాలి. పెద్ద కోణం నుంచి వదిలితే T పెరుగుతుంది. 20 డిగ్రీల నుంచి వదిలితే T సుమారు 0.76 శాతం పెరిగి, g 1.5 శాతం తగ్గుతుంది. 5 డిగ్రీల దగ్గర T లో ఆ ప్రభావం 0.05 శాతమే. ఈ ప్రయోగంలో 5 డిగ్రీల నుంచే వదిలారు, కాబట్టి అది కారణం కాదు. మిగిలింది L. పైన నేను రాసిన వాక్యం ఇంకోసారి చదవండి: గుండు *పైభాగం* వరకు కొలిచారు. కొలవాల్సింది గుండు కేంద్రం వరకు.

ఐదో అడుగు: ఇదే ప్రయోగంలో పర్సెంట్ డిఫరెన్స్‌కు చోటెక్కడ

అదే గుండుతో, అలాగే పైభాగం వరకు కొలుస్తూ, 0.4 నుంచి 1.2 మీటర్ల వరకు ఐదు పొడవులకు టైమ్ తీశారనుకుందాం. L కి T² గ్రాఫ్ గీస్తే సరళరేఖ వచ్చింది. వాలు 4.03, నిలువు అక్షం మీద అంతరఖండం 0.06. వాలు నుంచి g = 39.478 / 4.03 = 9.80.

ఇప్పుడు మన చేతిలో g కి రెండు విలువలున్నాయి. ఒకే పొడవుతో వచ్చింది 9.59, గ్రాఫ్ వాలుతో వచ్చింది 9.80. రెండూ మనం కొలిచినవే, కాబట్టి వీటిని పోల్చడానికి వాడాల్సింది పర్సెంట్ డిఫరెన్స్. తేడా 0.21, సగటు 9.69, జవాబు 2.2 శాతం.

ఈ 2.2 శాతం చెప్పేది ఒక్కటే: రెండు పద్ధతులూ ఒకదానితో ఒకటి కలవడం లేదు. ఎవరిది తప్పో అది చెప్పదు. అది తెలియాలంటే ఒక్కోదానికీ విడిగా పర్సెంట్ ఎర్రర్ కావాలి. మొదటిదానికి మైనస్ 2.3, రెండోదానికి మైనస్ 0.1. దోషి ఎవరో తేలిపోయింది.

ఎందుకన్నది గ్రాఫే చెబుతుంది. ప్రతి పొడవులోనూ ఒకే మొత్తం తగ్గితే రేఖ మొత్తం పక్కకు జరుగుతుంది గానీ దాని వాలు మారదు. అందుకే వాలు మంచి జవాబు ఇచ్చింది. రేఖ ఎంత జరిగిందో అంతరఖండంలో ఉంది: 0.06 ని 4.03 తో భాగిస్తే సుమారు 0.015 మీటర్లు. గుండును వెర్నియర్‌తో కొలిస్తే వ్యాసం 3.0 సెంటీమీటర్లు. వ్యాసార్ధం 1.5! రిపోర్టుల్లో ఇలా పొసగడం చూసినప్పుడు నాకు ఎర్ర పెన్ను పక్కన పెట్టేయాలనిపిస్తుంది.

L ను 0.815 గా తీసుకుని మొదటి లెక్క మళ్లీ చేస్తే g 9.77, ఎర్రర్ మైనస్ 0.4 శాతం. మన 0.6 శాతం అనిశ్చితి లోపలికి వచ్చేసింది, ఇంకేమీ వివరించాల్సిన పని లేదు. అలాగని మొదటి విలువను కొట్టేసి కొత్తదాన్ని రాయకండి. మొదట వచ్చింది, సవరించాక వచ్చింది, రెండూ ఉండాలి.

ఇక్కడ పర్సెంట్ డిఫరెన్స్‌కు ఉన్న పరిమితి కూడా చూడండి. ఒకవేళ అన్ని డోలనాలనూ 20 డిగ్రీల నుంచే వదిలి ఉంటే, రెండు పద్ధతుల్లోనూ g ఒకేలా 1.5 శాతం తగ్గేది. పర్సెంట్ డిఫరెన్స్ ఆ దోషాన్ని అసలు చూపించేది కాదు. మూడు ట్రయల్స్ దగ్గర జరిగింది కూడా ఇదే. 36.2 కూ 36.4 కూ వచ్చే g విలువలు 9.64, 9.53, వాటి మధ్య పర్సెంట్ డిఫరెన్స్ 1.1. ట్రయల్స్ తమలో తాము బాగానే కలిశాయి, కానీ మూడూ కలిసి తప్పు చోటే ఉన్నాయి. పర్సెంట్ డిఫరెన్స్ తక్కువ వస్తే "మా కొలతలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి" అనొచ్చు. "మా జవాబు సరైనది" అనకూడదు.

ఆరో అడుగు: ప్రామాణిక విలువే లేనప్పుడు

ల్యాబ్‌లో ఇచ్చిన స్ప్రింగ్ స్థిరాంకం ఏ పుస్తకంలోనూ దొరకదు. ఆ స్ప్రింగ్ సంగతి ఆ స్ప్రింగ్‌కే తెలుసు. ఇలాంటి చోట పర్సెంట్ ఎర్రర్ అనే మాటే రాకూడదు. అయినా కొందరు తమ రెండు విలువల్లో ఒకదాన్ని "సిద్ధాంత విలువ" అని పేరు పెట్టి ఎర్రర్ లెక్కించేస్తారు.

బరువులు వేలాడదీసి, సాగిన పొడవుతో గ్రాఫ్ గీస్తే k = 24.6 న్యూటన్/మీటర్ వచ్చిందనుకుందాం. అదే స్ప్రింగ్‌కు 200 గ్రాములు తగిలించి ఊపితే 20 డోలనాలకు 11.70 సెకన్లు పట్టింది, దాని నుంచి k = 23.1. పర్సెంట్ డిఫరెన్స్ 1.5 / 23.85, అంటే 6.3 శాతం. టైమింగ్ వల్ల k లో వచ్చే అనిశ్చితి 1.7 శాతం మాత్రమే. కాబట్టి ఇక్కడ కూడా ఏదో దాగి ఉంది.

ఈసారి ఎటు తప్పో చెప్పడానికి బయటి విలువ లేదు. కాబట్టి రెండు పద్ధతుల్లో దేనిలో ఏ ఊహ చేశామో వెతకాలి. ఊగే పద్ధతిలో స్ప్రింగ్‌కు సొంత బరువు లేదని అనుకున్నాం. నిజానికి స్ప్రింగ్ కూడా ఊగుతుంది, దాని ద్రవ్యరాశిలో మూడోవంతును లెక్కలో కలపాలి. స్ప్రింగ్ తూచితే 30 గ్రాములుంది, మూడోవంతు 10. 200 బదులు 210 గ్రాములు పెడితే k 24.2 అవుతుంది, పర్సెంట్ డిఫరెన్స్ 1.6 కు దిగుతుంది. బయటి విలువ లేకుండానే, రెండు పద్ధతుల మధ్య తేడానే ఆధారంగా పట్టుకుని కారణం దాకా వెళ్లాం.

శాతమే పనికిరాని చోట్లు

మరిగే నీటి ఉష్ణోగ్రత 100 డిగ్రీల సెల్సియస్ రావాల్సి ఉండగా 98 వచ్చిందనుకోండి. ఎర్రర్ 2 శాతం. అదే కెల్విన్‌లో రాస్తే 373.15 బదులు 371.15, ఎర్రర్ 0.54 శాతం. థర్మామీటర్ మారలేదు, నీళ్లు మారలేదు, శాతం మాత్రం నాలుగో వంతుకు పడిపోయింది. సెల్సియస్ సున్నా మనం పెట్టుకున్న సున్నా కాబట్టి దాని మీద తీసిన శాతానికి అర్థం లేదు. "2 డిగ్రీలు తక్కువ" అని రాయండి, అంతే. మంచు కరిగే ఉష్ణోగ్రతకైతే హారంలో సున్నాయే వచ్చి కూర్చుంటుంది, లెక్కే కుదరదు. అభిఘాతానికి ముందూ తర్వాతా మొత్తం ద్రవ్యవేగం సున్నా కావాల్సిన ప్రయోగాల్లోనూ ఇదే ఇబ్బంది. అక్కడ తేడాను దాని యూనిట్లలోనే, అనిశ్చితి పక్కన పెట్టి చూపించాలి.

చివరి అడుగు: డిస్కషన్‌లో పేరా రాయడం

లెక్క మొత్తం ఫలితాల విభాగంలోనే ఉండాలి. డిస్కషన్‌లోకి శాతం ఒక్కసారి, దేనితో పోల్చారో చెప్పే వాక్యంతో కలిసి వస్తే చాలు. తర్వాత ఆ శాతం అనిశ్చితికి లోపలుందా బయటుందా చెప్పాలి. బయట ఉంటే ఎటువైపుందో, ఆ వైపుకు లాగగల కారణం ఏమిటో, దాని పరిమాణం లెక్కిస్తే సరిపోయిందో లేదో రాయాలి. "గాలి నిరోధం వల్ల" అని రాసేవాళ్లు ఎక్కువగా తప్పేది ఈ పరిమాణం దగ్గరే. ఇలాంటి చిన్న బరువైన గుండుకు గాలి వల్ల ఊపు మెల్లగా తగ్గుతుంది గానీ, T మీద దాని ప్రభావం 2 శాతం దరిదాపుల్లో కూడా ఉండదు.

మన లోలకానికి నేనైతే ఇలా రాస్తాను:

"ఒకే పొడవుతో వచ్చిన g విలువ 9.59 ± 0.05 మీ/సె². స్థానిక విలువ 9.81 తో పోలిస్తే ఇది 2.3 శాతం తక్కువ. కొలతల అనిశ్చితి 0.6 శాతమే కాబట్టి ఈ తేడాకు టైమింగ్ కారణం కాదు. గ్రాఫ్ వాలు నుంచి వచ్చిన 9.80 కీ దీనికీ మధ్య పర్సెంట్ డిఫరెన్స్ 2.2. పొడవులో వచ్చే స్థిర దోషం వాలు మీద పడదు కాబట్టి, L ను తక్కువగా కొలిచామని అనుమానించాం. గ్రాఫ్ అంతరఖండం నుంచి ఆ లోటు 1.5 సెం.మీ. అని తేలింది, గుండు వ్యాసార్ధం కూడా అంతే. గుండు కేంద్రం వరకు పొడవు తీసుకుంటే g 9.77 అవుతుంది, మిగిలిన 0.4 శాతం తేడా అనిశ్చితి లోపలే ఉంది."

రెండు శాతాలూ ఒకే పేరాలో ఉన్నాయి, రెండూ వేర్వేరు పనులు చేస్తున్నాయి. "తక్కువ" అన్న మాట ఉంది కాబట్టి 2.3 ముందు మళ్లీ మైనస్ గుర్తు పెట్టలేదు. రెండూ పెడితే, తక్కువకు తక్కువ అంటే ఎక్కువేమో అని దిద్దేవాళ్లు తికమకపడతారు.